పోయిన నిమిషం ఎక్కడ దొరికింది? – క్రోనోగ్రాఫ్ చదివే పద్ధతి



కిందటేడు మా బడి ఆటల పోటీల్లో బాలికల 3000 మీటర్ల పరుగుకు సమయం చూసే పని నాకు అప్పగించారు. నేను భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి కాబట్టి గడియారం విషయంలో పొరపాటు చెయ్యనని అందరి నమ్మకం. నా సొంత వాచీ బాగుచేయడానికి ఇచ్చి ఉండటంతో తోటి ఉపాధ్యాయుడి చేతి క్రోనోగ్రాఫ్ అడిగి తీసుకున్నాను. పదో తరగతి అమ్మాయి మొదటి స్థానంలో గీత దాటింది. బటన్ నొక్కాను. ముళ్లు చూసి, "పన్నెండు నిమిషాల యాభై రెండు సెకన్లు" అని గట్టిగా చెప్పాను.

ఆ అమ్మాయి ముఖం వాడిపోయింది. తర్వాతి స్థాయి పోటీలకు పంపాలంటే 12 నిమిషాల 30 సెకన్లలోపు పూర్తి చెయ్యాలని మేం ముందే నియమం పెట్టుకున్నాం. నేను చెప్పిన లెక్క ప్రకారం ఆమెకు అర్హత లేదు. నిజానికి ఆమె 11 నిమిషాల 52 సెకన్లలోనే పరుగు ముగించింది. వాచీ తప్పు చూపలేదు. బటన్ కూడా సరిగ్గానే నొక్కాను. తప్పు జరిగింది చదవడంలో. ఒక నిండు నిమిషం నా కళ్ల ముందే పోయింది. అది ఎలా పోయిందో, మళ్లీ ఎలా దొరికిందో తెలుసుకుంటే క్రోనోగ్రాఫ్ చదవడం మీకు వచ్చేసినట్టే.

ఏ ముల్లు దేనికి?

మామూలు గడియారంలోనే విరామ గడియారం కూడా కలిసి ఉంటే దాన్ని క్రోనోగ్రాఫ్ అంటారు. అంటే ఒకే ముఖం మీద రెండు గడియారాలు ఉంటాయన్నమాట. ఒకటి ఎప్పుడూ నడుస్తూ టైము చూపుతుంది. రెండోది మనం బటన్ నొక్కినప్పుడే నడుస్తుంది. ఏ ముల్లు ఏ గడియారానిదో విడదీసి చూడటం మొదటి పాఠం.

పెద్ద డయల్ మధ్యనుంచి సన్నగా, పొడవుగా ఉండే సెకన్ల ముల్లు చూడండి. మామూలు వాచీలో అది ఎప్పుడూ తిరుగుతూ ఉంటుంది. క్రోనోగ్రాఫ్‌లో మాత్రం చాలావరకు 12 దగ్గర కదలకుండా నిలబడి ఉంటుంది. అలా చూసి వాచీ ఆగిపోయిందని కొత్తవాళ్లు కంగారు పడతారు. అది ఆగిపోలేదు, మన బటన్ కోసం ఎదురుచూస్తోంది. టైముకు సంబంధించిన సెకన్లు ఒక చిన్న డయల్‌లో తిరుగుతూ ఉంటాయి.

పెద్ద డయల్ లోపల సాధారణంగా మూడు చిన్న డయల్స్ ఉంటాయి. వాటి అమరిక అన్ని వాచీల్లో ఒకేలా ఉండదు. ఒమేగా స్పీడ్‌మాస్టర్ అనే పేరుపొందిన వాచీని ఉదాహరణగా తీసుకుందాం. అందులో 9 అంకె వైపున్న చిన్న డయల్ టైము తాలూకు సెకన్లు చూపుతుంది. 3 వైపున్నది మనం కొలుస్తున్న నిమిషాలను 30 వరకూ లెక్కపెడుతుంది. 6 వైపున్నది గంటలను 12 వరకూ లెక్కపెడుతుంది. కాబట్టి పరుగు పందేనికి చూడాల్సినవి మధ్యలోని పొడవాటి ముల్లు, 3 వైపు చిన్న డయల్. అంతే.

ఆరోజు నా చేతిలో ఉన్న బ్యాటరీ వాచీ అమరిక వేరు. అందులో టైము సెకన్లు 6 వైపు ఉన్నాయి. కొలిచే నిమిషాలు 9 వైపు, 60 వరకూ ఉన్నాయి. 3 వైపున్న డయల్ మీద 24 అని రాసి ఉంది. అది కొలిచే గంటల డయల్ అనుకుంటే పొరపాటే. అది పగలు రాత్రి తేడా తెలిసేలా టైమును 24 గంటల లెక్కలో చూపే ముల్లు. బటన్‌కూ దానికీ సంబంధమే లేదు.

కొత్త వాచీ చేతికి వస్తే ఏ డయల్ ఏదో ఊహించకండి. బటన్ నొక్కకుండా ఒక నిమిషం చూడండి. అప్పుడు చకచకా తిరిగే చిన్న ముల్లు టైము సెకన్లది. తర్వాత బటన్ నొక్కి రెండు మూడు నిమిషాలు నడవనివ్వండి. ఇంతవరకూ సున్నా దగ్గర నిలబడి, ఇప్పుడు రెండు మూడు గీతలు కదిలిన ముల్లే మీ నిమిషాల ముల్లు.

రెండు బటన్లు, ఒక వరుస

వాచీ కుడి పక్కన మధ్యలో ఉండేది టైము మార్చే కీ. దానికి పైన 2 అంకె దగ్గర ఒక బటన్, కింద 4 అంకె దగ్గర మరొక బటన్ ఉంటాయి. పై బటన్ ఒకసారి నొక్కితే కొలత మొదలవుతుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది. కింది బటన్ కొలిచే ముళ్లను సున్నాకు తెస్తుంది. వరుస ఎప్పుడూ ఇదే: పై బటన్, పై బటన్, చదవడం, రాసుకోవడం, ఆ తర్వాతే కింది బటన్. రాసుకోకముందే కింది బటన్ నొక్కితే కొలత చెరిగిపోతుంది. దాన్ని మళ్లీ తెచ్చుకునే దారి లేదు.

కొలత నడుస్తుండగా కింది బటన్ నొక్కితే ఏమవుతుంది? ఇది వాచీని బట్టి ఉంటుంది. కీ ఇచ్చే మామూలు యాంత్రిక వాచీల్లో చాలావాటిలో ఆ బటన్ కదలదు. బలవంతంగా నొక్కకూడదు. కొన్ని ప్రత్యేకమైన వాచీల్లో ముళ్లు సున్నాకు వచ్చి వెంటనే మళ్లీ నడుస్తాయి. చాలా బ్యాటరీ వాచీల్లో ముళ్లు ఉన్నచోటే ఆగుతాయి కానీ లోపల లెక్క సాగుతూనే ఉంటుంది. మళ్లీ నొక్కితే ముళ్లు గబగబా పరిగెత్తి అసలు సమయాన్ని అందుకుంటాయి. మధ్యలో సమయం రాసుకోవడానికి ఇది పనికొస్తుంది. ముళ్లు ఆగినంత మాత్రాన కొలత ఆగినట్టు కాదని మాత్రం గుర్తుంచుకోండి.

కొలవాల్సింది ఒక నిమిషంలోపు అయితే చిన్న డయల్స్‌తో పనే లేదు. 1970 ఏప్రిల్‌లో అపోలో 13 అంతరిక్ష నౌక దెబ్బతిని చంద్రుడి దగ్గరనుంచి తిరిగి వస్తున్నప్పుడు, విద్యుత్తు ఆదా చేయడానికి కంప్యూటర్ ఆపేశారు. దారి సరిచేయడానికి ఇంజనును 14 సెకన్లు మండించాల్సి వచ్చింది. ఆ 14 సెకన్లను వ్యోమగామి జాక్ స్విగర్ట్ తన చేతి స్పీడ్‌మాస్టర్‌తో కొలిచాడు. అక్కడ పెద్ద ముల్లు ఒక్కటి చూస్తే చాలు. కానీ 3000 మీటర్ల పరుగులో పెద్ద ముల్లు పదకొండు చుట్లు తిరిగి పన్నెండో చుట్టులో ఉంటుంది. ఎన్ని చుట్లు తిరిగిందో చెప్పేది నిమిషాల ముల్లు ఒక్కటే. నేను జారింది అక్కడే.

నిమిషాల ముల్లు రెండు రకాలు

కొన్ని వాచీల్లో నిమిషాల ముల్లు గీత మీద నిలబడి ఉంటుంది. పెద్ద ముల్లు ఒక చుట్టు పూర్తిచేసి 12 దాటే వేళకు ఒక్క గెంతుతో తర్వాతి గీత మీదకు వెళుతుంది. దీన్ని గెంతే ముల్లు అందాం. మరికొన్నిటిలో నిమిషాల ముల్లు ఎక్కడా ఆగకుండా కొద్దికొద్దిగా జరుగుతూనే ఉంటుంది. దీన్ని పాకే ముల్లు అందాం.

నా సొంత వాచీలో ఉన్నది గెంతే ముల్లు. అందులో నిమిషాల ముల్లు 12వ గీత మీద, పెద్ద ముల్లు 52 మీద ఉంటే అది 12 నిమిషాల 52 సెకన్లే. ఏళ్ల తరబడి నా కంటికి ఆ చదువే అలవాటు. ఆరోజు నేను పట్టుకున్న వాచీలో ఉన్నది పాకే ముల్లు. 11 నిమిషాల 52 సెకన్లకు అది 11వ గీతను వదిలి దాదాపు తొమ్మిది పదో వంతుల దూరం వచ్చేసింది. బఠాణీ గింజంత డయల్‌లో అది 12 మీదే ఉన్నట్టు కనిపించింది. నేను 12 అని చదివాను.

ఇది కొత్త సంగతి కాదు, చిన్నప్పుడు గోడ గడియారం చదవడం నేర్చుకున్నప్పుడే మీకు తెలుసు. పదకొండు గంటల యాభై రెండు నిమిషాలప్పుడు చిన్న ముల్లు 12కు అతి దగ్గరగా ఉంటుంది. అయినా మనం పన్నెండు యాభై రెండు అనం. పెద్ద ముల్లు ఇంకా 12 దాటలేదు కాబట్టి పన్నెండు కాలేదని తెలుసుకుంటాం. పాకే ముల్లును కూడా అలాగే చదవాలి.

కాబట్టి ముందు సెకన్లు చదవండి, తర్వాతే నిమిషాలు. సెకన్లు 15 అయితే నిమిషాల ముల్లు రెండు గీతల మధ్య పావు దూరంలో ఉండాలి. 30 అయితే సరిగ్గా నడిమధ్య ఉండాలి. 45 దాటితే తర్వాతి గీతను తాకబోతున్నట్టు ఉండాలి. ఏ సందర్భంలోనైనా ముల్లు దాటి వచ్చిన గీతే లెక్క, చేరబోయే గీత కాదు.

మీ వాచీ ఏ రకమో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. సున్నానుంచి మొదలుపెట్టి ఒకటిన్నర నిమిషం నడవనిచ్చి ఆపండి. నిమిషాల ముల్లు 1వ గీత మీద ఉంటే గెంతే రకం. 1కీ 2కీ నడుమ ఉంటే పాకే రకం. గెంతే ముళ్లలోనూ కొన్ని, నిమిషం పూర్తికావడానికి ఒకటి రెండు సెకన్ల ముందే కదలడం మొదలుపెడతాయి. అందుకే పెద్ద ముల్లు 58, 59 దగ్గర ఆగినప్పుడు ఏ వాచీనైనా రెండోసారి చూడండి. ఎవరి వాచీ అయినా తీసుకున్నప్పుడు ఈ ఒకటిన్నర నిమిషం పరీక్ష చేసి ఉంటే ఆరోజు నాకు ఆ తప్పు జరిగేది కాదు.

పోయిన నిమిషం దొరికిన వైనం

నా పక్కనే ఎనిమిదో తరగతి అమ్మాయి పుస్తకం పట్టుకుని కూర్చుంది. పరుగు తీసేవాళ్లు గీత దాటినప్పుడల్లా నేను చెప్పిన సమయం రాసుకోవడం ఆమె పని. మా మైదానంలో ఒక రౌండు 400 మీటర్లు. 3000 మీటర్లంటే ఏడున్నర రౌండ్లు. ఇంకా మూడు రౌండ్లు మిగిలి ఉన్నప్పుడు, అంటే 1800 మీటర్ల దగ్గర, నేను 7 నిమిషాల 12 సెకన్లు అని చెప్పాను. అప్పుడు ముల్లు 7వ గీతను కొంచెమే దాటి ఉండటంతో ఆ చదువు సరిగ్గానే వచ్చింది.

ఆమె పుస్తకంలో తీసివేత వేసి, "సార్, ఎక్కడో తేడా ఉంది" అంది.

ఆ లెక్క మీరూ చూడండి. 7 నిమిషాల 12 సెకన్లంటే 432 సెకన్లు. నాలుగున్నర రౌండ్లకు 432 సెకన్లంటే రౌండుకు 96 సెకన్లు. నేను చెప్పిన 12 నిమిషాల 52 సెకన్లు నిజమైతే మిగిలిన మూడు రౌండ్లకు 5 నిమిషాల 40 సెకన్లు పట్టాలి. అంటే 340 సెకన్లు, రౌండుకు 113 సెకన్ల పైమాటే.

"చివర్లో అక్క ఇంకా జోరుగా పరిగెత్తింది కదా సార్! అందరూ చూశారు. మరి రౌండుకు పదిహేడు సెకన్లు ఎక్కువ ఎలా పడుతుంది?" అని అడిగింది.

అదృష్టం కొద్దీ నేనింకా కింది బటన్ నొక్కలేదు. మళ్లీ వాచీ చూశాను. ఈసారి డయల్‌ను కంటికి దగ్గరగా, ఎదురుగా పెట్టుకుని చూశాను. పక్కనుంచి చూస్తే ముల్లు ఉన్నచోటు మారినట్టు కనిపిస్తుంది. నిమిషాల ముల్లు 12ను తాకలేదు, దానికి వెంట్రుకవాసి వెనకే ఉంది. అయితే సమయం 11 నిమిషాల 52 సెకన్లు. చివరి మూడు రౌండ్లకు 4 నిమిషాల 40 సెకన్లు, అంటే 280 సెకన్లు. రౌండుకు 93 సెకన్ల చిల్లర. కళ్లతో చూసినదానికీ అంకెలకూ పొత్తు కుదిరింది. నిర్వాహకులకు వాచీని చూపించి, నా తప్పు ఒప్పుకుని, పట్టికలో దిద్దించాను. ఆ అమ్మాయి పేరు జాబితాలోకి వచ్చింది.

సెకన్లలో పొరపాటు వస్తే అది చిన్నదిగా ఉంటుంది. నిమిషంలో వస్తే అది ఎప్పుడూ నిండు అరవై సెకన్లు ఉంటుంది. అందుకే మధ్యలో ఒక సమయం రాసుకోండి. కనీసం మొదలుపెట్టినప్పుడు, ముగిసినప్పుడు మామూలు టైమైనా రాసుకోండి. నిండు నిమిషం తేడా అక్కడ దాగదు.

ఆపి మళ్లీ మొదలుపెట్టడం

మనలాంటి కుటుంబాలకు బదిలీలు, రైలు ప్రయాణాలు అలవాటే. ఈసారి రైలెక్కినప్పుడు ఒక పని చేయండి. ఒక స్టేషన్నుంచి మరో స్టేషన్‌కు రైలు నిజంగా కదిలిన సమయం ఎంతో కొలవండి. స్పీడ్‌మాస్టర్ అమరిక ఉన్న వాచీ మీ చేతిలో ఉందనుకుందాం.

రైలు 10 గంటల 5 నిమిషాలకు కదిలింది. పై బటన్ నొక్కారు. 18 నిమిషాల 20 సెకన్ల తర్వాత సిగ్నల్ లేక ఆగింది. మళ్లీ పై బటన్ నొక్కారు. ముళ్లు ఆగాయి. ఇప్పుడు కింది బటన్ ముట్టుకోవద్దు. 7 నిమిషాల తర్వాత రైలు కదలగానే పై బటన్ మూడోసారి నొక్కారు. ముళ్లు సున్నానుంచి కాకుండా ఆగినచోటునుంచే బయలుదేరతాయి. స్టేషన్ వచ్చాక పై బటన్ నాలుగోసారి నొక్కారు. పెద్ద ముల్లు 40 మీద, నిమిషాల ముల్లు 11 మీద ఉన్నాయి.

మరి ప్రయాణం 11 నిమిషాలేనా? మొదటి విడతే 18 నిమిషాలు దాటింది కదా! నిమిషాల డయల్‌లో 30 వరకే ఉన్నాయి. ముల్లు ఒక చుట్టు పూర్తిచేసి రెండో చుట్టులో 11 దగ్గరకు వచ్చింది. ఆ సంగతి గంటల ముల్లు చెబుతుంది. అది 12కీ 1కీ మధ్య సగం దూరం దాటి ఉంది. సగం దాటిందంటే అరగంట అయిపోయిందన్నమాట. 30కి 11 కలిపితే 41 నిమిషాల 40 సెకన్లు. సగం దాటకపోతే 11 నిమిషాలే.

సరిచూడండి. కదిలిన సమయం 41 నిమిషాల 40 సెకన్లు, ఆగిన సమయం 7 నిమిషాలు. మొత్తం 48 నిమిషాల 40 సెకన్లు. 10 గంటల 5 నిమిషాలకు కలిపితే 10 గంటల 53 నిమిషాలు దాటాలి. వాచీలో మామూలు టైము కూడా అంతే చూపితే మీ చదువు సరైనదే.

నొక్కే ముందు రెండు జాగ్రత్తలు

కింది బటన్ నొక్కాక పెద్ద ముల్లు సరిగ్గా 12 మీదకు రావాలి. కొన్ని వాచీల్లో అది ఒక సెకను ముందో వెనకో ఆగుతుంది. వెర్నియర్ కాలిపర్స్‌లో సున్నా దోషం ఉన్నట్టే ఇదీ. ముల్లు సున్నా దాటి 1 మీద ఆగే వాచీ అయితే చదివిన సెకన్లలోంచి 1 తీసేయండి. చాలా బ్యాటరీ వాచీల్లో కీ బయటికి లాగి, బటన్లతో ముల్లును సరిచేసే వీలుంటుంది. యాంత్రిక వాచీ అయితే బాగుచేసేవారికి ఇవ్వాలి.

రెండోది ఎప్పుడు నొక్కాలన్నది. 3000 మీటర్ల పరుగు మొదలయ్యే చోటు, సమయం చూసేవాళ్లుండే ముగింపు గీతకు ఎదురు మూలన ఉంటుంది. నేరుగా కొలిస్తే దూరం సుమారు 110 మీటర్లు. ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లు వెళుతుంది. కాబట్టి ఈల వినిపించేసరికి సెకనులో మూడో వంతు గడిచిపోతుంది. ఈల విని కాకుండా, జెండా కిందికి రావడం చూసి నొక్కండి. వేలు ముందే బటన్ మీద ఆనించి ఉంచండి. ముగింపులో చేయో కాలో కాదు, ఛాతీ గీతను చేరినప్పుడు నొక్కండి.

అభ్యాసం

1. పాకే ముల్లున్న వాచీ. నిమిషాల ముల్లు 8వ గీతకు అతి దగ్గరగా ఉంది. పెద్ద ముల్లు 48 మీద ఉంది. సమయం ఎంత?

2. గెంతే ముల్లున్న వాచీ. నిమిషాల ముల్లు సరిగ్గా 8వ గీత మీద ఉంది. పెద్ద ముల్లు 48 మీద ఉంది. సమయం ఎంత?

3. 30 నిమిషాల డయల్‌లో ముల్లు 4 దగ్గర, పెద్ద ముల్లు 10 మీద ఉన్నాయి. గంటల ముల్లు 1కీ 2కీ మధ్య సగం దాటి ఉంది. సమయం ఎంత?

జవాబులు: 1) 7 నిమిషాల 48 సెకన్లు. 2) 8 నిమిషాల 48 సెకన్లు. 3) 1 గంట 34 నిమిషాల 10 సెకన్లు.

మొదటి రెండు ప్రశ్నల్లో ముళ్లు దాదాపు ఒకేచోట ఉన్నా జవాబుల్లో నిండు నిమిషం తేడా వచ్చింది. ఆరోజు నా దగ్గర పోయిన నిమిషం అదే.